లైకులు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు: ఒక ఆవకాయ కారోసెల్‌లో ఐదు తప్పులు, ఐదు సవరణలు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అక్కా, కారోసెల్ ఎలా చేయాలో చెప్పారు, బానే ఉంది. కానీ మేం చేసిన దాంట్లో తప్పెక్కడుందో మాకెలా తెలుస్తుంది?" అని. కరెక్ట్ ప్రశ్నే. అందుకే ఈరోజు కొత్తగా ఏమీ చేయట్లేదు. ఆల్రెడీ పోస్ట్ అయిన ఒక కారోసెల్‌ని తీసుకుని, దాని మీద నేనో క్రిటిక్ కారోసెల్ చేశాను. ఒక స్లైడ్‌లో తప్పు, దాని పక్క స్లైడ్‌లో సవరణ. అది ఎలా చేశానో, ప్రతి సవరణా ఎందుకు చేశానో చెప్తాను.

కేసు ఇది. భీమవరం వైపు నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. వాళ్ళమ్మ ఆవకాయ పెట్టి అమ్ముతారు. ఇన్నేళ్ళూ చుట్టాలకీ, వీధిలో వాళ్ళకీ మాత్రమే. ఈసారి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్ళలో ఉన్న పిల్లలు కూడా కొంటారని, ఆ నమ్మకంతో మామూలు కంటే ఎక్కువ కాయ కొట్టించారు. చెల్లి రాత్రంతా కూర్చుని ఫోన్‌లో 8 స్లైడ్ల కారోసెల్ చేసింది. లైకులు వచ్చాయి. "సూపర్", "నోరూరుతోంది" అని కామెంట్లు వచ్చాయి. ఆర్డర్లు మాత్రం రాలేదు. పైగా కొందరు "ధర ఎంత?" అని అడిగారు. ధర ఆరో స్లైడ్‌లో ఉంది! "అక్కా, ఉన్నది కూడా ఎందుకు చూడట్లేదు?" అని అడిగింది.

నేను ఆ కారోసెల్ తెరిచి చూశాక అర్థమైంది ఒకటే. తను దాన్ని చేసేటప్పుడు రెండు వేళ్ళతో జూమ్ చేసి, ఒక్కో ముక్కా దగ్గరగా చూసుకుంటూ చేసింది. చూసేవాళ్ళు జూమ్ చేయరు. బస్‌లో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో స్క్రోల్ చేస్తుంటారు. ఇప్పుడు చెప్పబోయే తప్పుల్లో చాలావరకు ఈ తేడాలోంచి పుట్టినవే.

ముందు, క్రిటిక్ ఎలా చేశానంటే

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇలాంటిది ఇంతకుముందు ఒకసారి చేశాను. ఒక అబ్బాయి పోస్ట్‌ని స్క్రీన్‌షాట్ తీసి, అడక్కుండానే, ఎర్ర గుర్తులు పెట్టి పోస్ట్ చేశాను. పేరు చెరిపాననుకున్నాను గానీ మూలన లోగో ఉండిపోయింది. వాళ్ళ ఫ్రెండ్స్ కనిపెట్టేసి నవ్వారు. ఆ అబ్బాయి తన పోస్ట్ తీసేశాడు, తర్వాత అకౌంటే మూసేశాడు. నేర్పిద్దామని మొదలుపెట్టి ఒకరి చేత మాన్పించాను. అందుకే ఈసారి చెల్లిని ముందే అడిగాను. పేరు, నంబర్, లోగో మూడూ తీసేశాను. పోస్ట్ చేసే ముందు మొత్తం తనకి పంపి, సరే అన్నాకే పెట్టాను.

ఆ పాత క్రిటిక్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. ముందు, తర్వాత అని ఒకే స్లైడ్‌ని రెండు సగాలు చేసి పక్కపక్కన పెట్టాను. అంటే ఏమైంది? అసలే చిన్న అక్షరాలు సగానికి సగం అయ్యాయి. "చిన్న అక్షరాలు వాడకండి" అని చిన్న అక్షరాల్లో చెప్పానన్నమాట!

ఈసారి పద్ధతి మార్చాను. ఒక తప్పుకి రెండు స్లైడ్లు. మొదటి దాంట్లో పాత స్లైడ్ పూర్తి సైజులో, తప్పు చోట ఒకే ఒక్క సున్నా, పైన ఆ తప్పుకి ఒక పేరు. స్వైప్ చేస్తే అదే చోట సవరించిన స్లైడ్. చోటు మారదు కాబట్టి స్వైప్ చేస్తున్నప్పుడే ఏం మారిందో కంటికి తెలిసిపోతుంది. ఇంకో రూల్: సవరణ స్లైడ్‌లో ఆ ఒక్క తప్పే సరిచేయాలి. రంగు, ఫాంట్, ఫోటో అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుందని తెలుస్తుంది గానీ ఏది మారిస్తే బాగుపడిందో తెలియదు.

ఐదు తప్పులకి 10 స్లైడ్లు, ముందు కవర్, చివర ఒకటి. మొత్తం 12. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి 20 వరకు ఒప్పుకుంటోంది కాబట్టి సరిపోయింది. ఇక తప్పుల్లోకి వెళ్దాం.

మొదటి తప్పు: బోర్డు కవర్

చెల్లి మొదటి స్లైడ్‌లో ఏముందంటే, మధ్యలో పెద్ద లోగో, కింద "స్వచ్ఛమైన ఇంటి రుచులు", చుట్టూ మామిడాకుల బోర్డర్. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ అది షాపు మీద పెట్టే బోర్డు. బోర్డు ఎప్పుడు పనిచేస్తుంది? మనం ఆల్రెడీ ఆ షాపుకే వెళ్తున్నప్పుడు. స్క్రోల్ చేసేవాళ్ళు ఏ షాపుకీ వెళ్ళట్లేదు. వాళ్ళకి ఈ పేరు తెలియదు. "ఇంటి రుచులు" అంటే పచ్చడా, స్వీటా, టిఫిన్ సెంటరా?

సవరణలో లోగోని చిన్నది చేసి కిందకి దించాను. పెద్ద అక్షరాల్లో ఇది పెట్టాను: "భీమవరం ఆవకాయ. అరకిలో నుంచి, మీ హాస్టల్‌కే." అంతే. ఏంటది, ఎంత కొనొచ్చు, ఎవరికోసం, మూడూ వచ్చేశాయి. ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు, గమనించండి. "స్వచ్ఛమైన" అని అందరూ అంటారు. "అరకిలో నుంచి" అనేది హాస్టల్ రూమ్‌లో ఉన్నవాళ్ళకి పనికొచ్చే మాట, ఎందుకంటే రెండు కిలోల జాడీ వాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు?

మీ కవర్‌ని చెక్ చేయడానికి ఒక పని చేయండి. మీ అకౌంట్ తెలియని ఫ్రెండ్‌కి రెండు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. "ఇది దేని గురించి?" అని అడగండి. "ఏదో ఫుడ్ పేజీ" అన్నారంటే అది బోర్డే.

కవర్ గురించే ఇంకొకటి. చెల్లి చతురస్రంలో చేసింది, అంటే 1080 అడ్డం, 1080 నిలువు. ఇప్పుడు ప్రొఫైల్ గ్రిడ్‌లో బొమ్మలు నిలువుగా, 3:4లో కనిపిస్తున్నాయి. చతురస్రాన్ని అందులో పెడితే రెండు పక్కలా 135 చొప్పున తెగిపోతుంది. అందుకే గ్రిడ్‌లో తన లైన్ మొదటి అక్షరం, చివరి అక్షరం లేకుండా కనిపిస్తోంది. 1080 అడ్డం, 1350 నిలువు తీసుకుంటే పక్కల్లో 34 చొప్పునే పోతుంది. ఆ కాస్త ఖాళీ ముందే వదిలేస్తే సరి. ఫీడ్‌లో కూడా ఎక్కువ చోటు దొరుకుతుంది.

రెండో తప్పు: చీమ అక్షరాలు

రెండో స్లైడ్‌లో వాళ్ళమ్మ కథ. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఎలా నేర్చుకున్నారో, కాయ ఎక్కడినుంచి తెస్తారో, ముక్కల్ని గుడ్డతో ఎలా తుడుస్తారో, అన్నీ. చాలా మంచి కథ. కానీ 80 పైగా మాటలు ఒకే స్లైడ్‌లో. అవన్నీ పట్టాలంటే అక్షరాలు చీమల్లా అయిపోయాయి.

లెక్క చూడండి. మన ఫోన్ స్క్రీన్ అడ్డం దాదాపు 7 సెంటీమీటర్లు. మీ 1080 వెడల్పు మొత్తం ఆ 7 సెంటీమీటర్లలోకి కుదించుకుపోతుంది. చెల్లి అక్షరాల సైజు ఆ 1080లో 24 మాత్రమే. అంటే ఫోన్ మీద ఒకటిన్నర మిల్లీమీటర్. అందులోనే గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ పట్టాలి. ఎవరు చదువుతారు?

ఎంత సైజు పెట్టాలి అని నంబర్ అడక్కండి. ఆ నంబర్ యాప్‌కీ యాప్‌కీ మారుతుంది. దానికంటే మంచి కొలత మీ ఫోన్‌లోనే ఉంది. స్లైడ్‌ని సేవ్ చేసి, గ్యాలరీలో జూమ్ లేకుండా చూడండి. తర్వాత వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెరవండి. మీ స్లైడ్‌లో అక్షరం ఆ మెసేజ్‌లో అక్షరం కంటే చిన్నగా ఉంటే, అది చిన్నదే. రోజూ మనం హాయిగా చదివే సైజు అది.

సవరణలో నేను అక్షరాలు పెంచలేదు, ముందు మాటలు తగ్గించాను. అలా కాకుండా సైజు ముందు పెంచితే స్లైడ్ బయటికి పోతుంది, మళ్ళీ తగ్గిస్తారు, తిరిగి మొదటికే వస్తారు. 80 మాటల్లోంచి ఒక్క విషయం తీసుకున్నాను: "ముక్క తడి ఆరాకే కలుపుతాం. మూడో రోజు తిరగకలిపాకే జాడీకి ఎత్తుతాం." ఆవకాయ తెలిసినవాళ్ళకి ఈ రెండు వాక్యాలే నమ్మకం ఇస్తాయి. తడి తగిలితే బూజు పడుతుందని, మూడో రోజు కలపకపోతే ఉప్పూ కారం సమంగా పట్టవని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అమ్మమ్మ కథని ఏం చేశామంటారా? కింద క్యాప్షన్‌లో పెట్టాం. అక్కడ అక్షరాల సైజు ఎప్పుడూ చదివేలానే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. మీరు స్వైప్ చేయకుండా దాటేసిన కారోసెల్, తర్వాత ఒక్కోసారి రెండో స్లైడ్‌తో మళ్ళీ మీ ఫీడ్‌లోకి వస్తుంది, గమనించారా? అంటే రెండో స్లైడ్ ఇంకో కవర్‌లా పనిచేయాలి. అక్కడ చీమల పుట్ట ఉంటే రెండో అవకాశం కూడా పోయినట్టే.

మూడో తప్పు: ఒత్తుల గుద్దులాట

ఇది మన తెలుగు వాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే తప్పు. ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకదు. చెల్లి ఒక రెడీమేడ్ టెంప్లేట్ తీసుకుంది. అందులో ఇంగ్లీష్ హెడ్డింగ్ ఉంది, అది తీసేసి తెలుగు టైప్ చేసింది. టెంప్లేట్‌లో వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీష్ పెద్దక్షరాల కోసం పెట్టింది. వాటికి పైనా ఏమీ ఉండదు, కిందా ఏమీ ఉండదు. కాబట్టి వరుసలు దగ్గర దగ్గరగా పెట్టినా బాగుంటాయి.

మన అక్షరం అలా కాదు. తను రాసిన "స్వచ్ఛమైన" అనే ఒక్క మాటే చూడండి. "స్వ" కింద ఒక ఒత్తు, "చ్ఛ" కింద ఇంకో ఒత్తు, "మై" కింద ఐత్వం తోక. ఒకే మాటలో మూడు కిందకి దిగాయి. దాని కింది వరుసలో "ఇంటి రుచులు". అక్కడ "టి" మీద గుడి పైకి లేచింది. పై నుంచి దిగింది, కింద నుంచి లేచింది, రెండూ మధ్యలో గుద్దుకున్నాయి. దూరం నుంచి చూస్తే అక్షరాలు కాదు, మరకలా కనిపిస్తుంది.

సవరణ చాలా సులువు. మీ యాప్‌లో టెక్స్ట్ సెట్టింగ్స్‌లో లైన్ స్పేసింగ్ అని ఉంటుంది. తెలుగుకి 1.4 నుంచి 1.6 మధ్య పెట్టి చూడండి. ఒక్కో ఫాంట్‌కీ కాస్త అటూ ఇటూ అవుతుంది. "స్వచ్ఛ", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలు పై వరుసలో, గుడి, ఏత్వం ఉన్న మాటలు కింది వరుసలో పెట్టి చూస్తే వెంటనే తెలుస్తుంది. పక్కనే లెటర్ స్పేసింగ్ అని ఇంకోటి ఉంటుంది. దాన్ని సున్నాలోనే ఉంచండి. ఇంగ్లీష్‌లో అక్షరాలు ఎడం చేస్తే స్టైల్‌గా ఉంటుంది. తెలుగులో మాట ముక్కలైపోతుంది. కొన్ని యాప్‌లలో ఒత్తు తన అక్షరం కింద నుంచి పక్కకి జరిగిపోతుంది కూడా.

ఫాంట్ విషయం కూడా ఇక్కడే. చెల్లి మొత్తం రామభద్ర ఫాంట్‌లో రాసింది. అది లావు ఫాంట్, హెడ్డింగ్‌కి చాలా బాగుంటుంది. కానీ చిన్న సైజులో పెడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి "వ" ఏదో "ప" ఏదో తెలియదు. కాబట్టి హెడ్డింగ్‌కి రామభద్ర ఉంచి, కింద మాటలకి మండలి పెట్టాను. రెండు చాలు, మూడో ఫాంట్ జోలికి పోలేదు.

నాలుగో తప్పు: కారం మీద పసుపు

మూడో స్లైడ్‌లో ఆవకాయ క్లోజప్ ఫోటో, నిండా. దాని మీద పసుపు రంగులో ధరలూ, జాడీ సైజులూ లేవు గానీ, తయారీ వివరాలున్నాయి. ఎరుపు మీద పసుపు కదా, కొట్టొచ్చినట్టు కనిపించాలి. ఎందుకు కనిపించలేదు? ఆవకాయ అంతా ఒకే ఎరుపు కాదు. ఆవపిండి పసుపుగా ఉంటుంది, మెంతులు పసుపే, నూనె మీద లైట్ పడి మెరుస్తుంది. పసుపు అక్షరం కారం మీద ఉన్నంతసేపు కనిపించింది, ఆవపిండి మీదకి రాగానే మాయమైంది. సగం మాట కనిపిస్తే, చదివేవాళ్ళు మిగతా సగం ఊహించరు. దాటేస్తారు.

దీనికి టెస్ట్ ఇది. స్లైడ్‌ని గ్యాలరీలో తెరిచి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేయండి. రంగులన్నీ పోయి వెలుగూ, చీకటీ మాత్రమే మిగులుతాయి. అప్పుడు కూడా మాటలు సులువుగా చదవగలిగితే ఓకే. చెల్లి స్లైడ్‌కి ఫిల్టర్ వేస్తే సగం మాటలు బూడిదలో బూడిద అయిపోయాయి. ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి బయట ఎండలో చూడటం ఇంకో టెస్ట్. చెల్లి కస్టమర్లు బస్టాప్‌లో చూస్తారు కదా.

సవరణలో ఫోటోని పాడుచేయలేదు. అది అమ్మాల్సిన వస్తువు, దాని మీద రాతలు ఎందుకు? ఫోటోని పై మూడొంతుల్లో రెండొంతులకి ఉంచి, కింద మీగడ రంగు పట్టీ వేసి, దాని మీద ముదురు గోధుమ రంగులో మాటలు పెట్టాను. చాలామంది అక్షరాల చుట్టూ తెల్ల గీత, దాని కింద నీడ వేసి గట్టెక్కిద్దామనుకుంటారు. తెలుగులో ఆ గీత ఒత్తుల మధ్య ఖాళీల్ని మూసేస్తుంది. పట్టీయే మేలు.

ఐదో తప్పు: దండం స్లైడ్

చివరి స్లైడ్: రెండు చేతులు జోడించిన బొమ్మ, "ధన్యవాదాలు", కింద ఫోన్ నంబర్, "లైక్ చేయండి, షేర్ చేయండి, ఫాలో అవ్వండి, కాల్ చేయండి, బయోలో లింక్ చూడండి". ఎనిమిదో స్లైడ్ దాకా స్వైప్ చేసినవాళ్ళు ఊరికే రాలేదు, వాళ్ళకి కొనాలని ఉంది. సరిగ్గా అక్కడ వాళ్ళకి ఐదు పనులు చెప్పి, దండం పెట్టి పంపించేశాం. పైగా ఆ నంబర్ బొమ్మలో ఉంది. నొక్కితే కాల్ వెళ్ళదు. చూసి గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి, టైప్ చేయాలి. ధరేమో రెండు స్లైడ్లు వెనక్కి ఉంది. "ధర ఎంత?" అని కామెంట్లు వచ్చింది అందుకే. వాళ్ళు చదవక కాదు, అడిగే చోట అది లేక.

సవరణ స్లైడ్‌లో పై భాగంలో ధర: అరకిలో 250 రూపాయలు, కొరియర్ వేరే. ఎన్ని రోజుల్లో పంపుతారో ఒక లైన్. కింద ఒకే ఒక్క పని: "మాకు 'ఆవకాయ' అని మెసేజ్ పెట్టండి." ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉండి, ఒక్క మాట టైప్ చేస్తే అయిపోతుంది. చెల్లి అడిగింది, "మరి ఫాలో అవ్వమని చెప్పొద్దా అక్కా?" అని. ఈ పోస్ట్‌కి పని ఆర్డర్లు. ఫాలోవర్ల కోసం ఇంకో పోస్ట్ చేద్దువు గాని, అన్నాను.

తర్వాత ఏమైంది?

సవరించాక 8 స్లైడ్లు 5 అయ్యాయి. ఎందుకంటే మిగతా మూడింట్లో చెప్పినవి వేరే చోట ఆల్రెడీ వచ్చేశాయి. చెల్లి దాన్ని కొత్త పోస్ట్‌గా పెట్టింది. పది రోజుల తర్వాత తన మెసేజ్: "అక్కా, లైకులు మునుపటంతే. కానీ ఇప్పుడు ధర ఎంత అని ఎవరూ అడగట్లేదు. కారం తగ్గించి ఇస్తారా, వెల్లుల్లి లేనిది ఉందా అని అడుగుతున్నారు." నాకు ఆ మాటే చాలనిపించింది. కొనాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు అవి. అమ్మగారి జాడీలు కదలడం మొదలైంది, ఇంకా మిగిలే ఉన్నాయి.

అది కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ ఐదు సవరణలు చేస్తే పోస్ట్ వైరల్ అవుతుందని నేను చెప్పట్లేదు. ఎంతమందికి చూపించాలో మన చేతిలో లేదు. కొరియర్‌లో సీసా పగిలితే డిజైన్ ఏమీ చేయలేదు. చూసినవాళ్ళకి మీరు చెప్పింది అందుతుందా లేదా, అంతవరకే ఇది.

మీరు కూడా పాత కారోసెల్ ఒకటి తీసుకుని ఇలాగే చేయండి. ముందు మీ సొంతది. ఒక్కో తప్పుకి మీరే ఒక పేరు పెట్టండి. పేరు పెడితే తర్వాతిసారి చేస్తున్నప్పుడే గుర్తొస్తుంది. చెల్లి మొన్న కొత్త స్లైడ్ పంపి ఏం రాసిందో తెలుసా? "అక్కా, చీమలు లేవు, గుద్దులాట లేదు. దండం కూడా పెట్టలేదు. చూడండి" అని.

చూశాను. కవర్ మాత్రం మళ్ళీ బోర్డే పెట్టింది! చెప్పాను, మార్చింది. సరే, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.